ఊరికి ఎన్ని నీళ్ళు కావాలి? తల లెక్క, ఏళ్ళ లెక్క, రద్దీ లెక్క

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిందంతా ఇక్కడ రాసి పెట్టాం. డ్యూటీలో ఉండి వినలేని వాళ్ళు తీరిగ్గా చదువుకోవచ్చు.)

న్యూజెర్సీలోని పార్సిప్పనీ నుంచి మాట్లాడుతున్నాను. నేను ఇంజినీరుని కాదండీ. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసి, మొదట గల్ఫ్ సైట్ల మీద, ఇప్పుడు ఇక్కడ సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. పైపులైన్లు వేయించాను, ట్యాంకులు కట్టించాను. డ్రాయింగ్ మీద ఉన్న సైజు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకపోతే పని చేయించలేం కాబట్టి, ఆ లెక్కలు నేర్చుకున్నాను.

ఈ విషయం ఎందుకు ఎంచుకున్నానంటే, మనలో చాలామందికి ఊరి నుంచి ఒక ఫోన్ వస్తుంటుంది. "ఊళ్ళో వాటర్ ట్యాంకు కట్టిస్తున్నాం, పైపులు మారుస్తున్నాం, నువ్వో చెయ్యి వెయ్యి తమ్ముడూ" అని. మనం పంపుతాం. ట్యాంకు లేస్తుంది, రంగులు వేస్తారు, దాతల పేర్లు రాస్తారు. రెండేళ్ళ తర్వాత చివరి వీధికి నీళ్ళు ఎక్కవు. మంచి సిమెంటే వాడుంటారు, ఊటా బాగానే ఉంటుంది. సాధారణంగా తప్పంతా పని మొదలవక ముందు వేసిన మూడు లెక్కల్లో ఉంటుంది. ఒక మనిషికి రోజుకు ఎన్ని లీటర్లు, ఎన్నేళ్ళ తర్వాతి జనానికి, రద్దీ సమయంలో ఎంత వేగంగా. ఇంజినీర్లు వీటినే తలసరి అవసరం, డిజైన్ పీరియడ్, పీక్ ఫ్యాక్టర్ అంటారు. ఈ మూడూ ఇవాళ చెప్పుకుందాం.

మొదటిది: తల లెక్క

పార్సిప్పనీలో ఉండేవాళ్ళకి ఒక పెద్ద చెరువు తెలుసు. బూంటన్ వైపు వెళ్తే కనపడుతుంది, చుట్టూ కంచె ఉంటుంది. దాని పేరు జెర్సీ సిటీ రిజర్వాయర్. చాలామంది అది పార్సిప్పనీ తాగే నీళ్ళనుకుంటారు. కాదు. పార్సిప్పనీ టౌన్‌షిప్‌కి ప్రధానంగా బావుల నీళ్ళు. ఆ రిజర్వాయర్ జెర్సీ సిటీ కోసం కట్టింది. పసాయిక్ నది మురికైపోయి తాగడానికి పనికిరాకుండా పోతే, జెర్సీ సిటీ ఇంత దూరం వచ్చి రాకవే నదికి ఆనకట్ట కట్టించింది. పాత బూంటన్ అనే ఊరు అందులో మునిగిపోయింది. 1904లో ఇక్కడి నుంచి నీళ్ళు వెళ్ళడం మొదలైంది. అమెరికాలో ఒక నగరం తాగే నీళ్ళకి ఎడతెగకుండా క్లోరిన్ మందు కలపడం మొదలుపెట్టిందీ ఇక్కడే, 1908లో.

ఆ 1908లో ఇక్కడి నుంచి రోజుకి దాదాపు 4 కోట్ల గ్యాలన్ల నీళ్ళకి మందు కలిపేవారు. 1910 జనాభా లెక్కల్లో జెర్సీ సిటీ జనం సుమారు 2 లక్షల 68 వేలు. భాగించి చూడండి. మనిషికి రోజుకి 150 గ్యాలన్లు, అంటే 560 లీటర్ల పైమాటే. అప్పట్లో చాలా ఇళ్ళల్లో కరెంటు వాషింగ్ మెషిన్లు లేవు, ఇంటి ముందు స్ప్రింక్లర్లు లేవు. ఒక మనిషి 560 లీటర్లు ఏం చేసుకుంటాడు?

జవాబు ఏంటంటే, ఆ నీళ్ళన్నీ మనిషి వాడలేదు. అది రైళ్ళు వచ్చి ఆగే ఊరు, సబ్బుల ఫ్యాక్టరీల ఊరు. వాటికి పోయిన నీళ్ళు, పైపుల్లో కారిపోయిన నీళ్ళు, అన్నీ కలిపి మొత్తాన్ని తలలతో భాగిస్తే వచ్చిన అంకె అది. తల లెక్కలో మొదటి పాఠం ఇదే. ఎవరైనా "మనిషికి ఇన్ని లీటర్లు" అని చెబితే, అది కుళాయి దగ్గర చేతికొచ్చే నీళ్ళా, లేక బోరు దగ్గర తోడిన నీళ్ళా అని అడగాలి. ఆ రెండింటి మధ్యలో లీకేజీలు, హోటళ్ళు, బడి, ఆసుపత్రి, బస్టాండు ఉంటాయి.

మన దగ్గర అంకెలు ఇలా ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపీహెచ్ఈఈవో 1999లో వేసిన మాన్యువల్‌ని మన మున్సిపల్ ఇంజినీర్లు చాలా ఏళ్ళుగా చేతిలో పెట్టుకుని పనిచేశారు. అందులో, పైపుల్లో నీళ్ళు వస్తున్నా భూగర్భ డ్రైనేజీ లేని ఊరికి మనిషికి రోజుకి 70 లీటర్లు. డ్రైనేజీ ఉన్నా, త్వరలో వేయబోతున్నా 135. మహానగరాలకి 150. తెలంగాణలో మిషన్ భగీరథకి పల్లెల్లో 100, మున్సిపాలిటీల్లో 135, కార్పొరేషన్లలో 150 పెట్టుకున్నారు. జల్ జీవన్ మిషన్‌లో పల్లెకి 55. అంటే ఒకే మనిషికి ఏ స్కీమ్ కింద లెక్కేశారన్నదాన్ని బట్టి 55 నుంచి 135 దాకా మారుతుంది. ట్యాంకు సైజూ, పైపు సైజూ అన్నీ ఈ అంకె మీదే నిలబడతాయి.

డ్రైనేజీ ఉంటే అంకె ఎందుకు పెరుగుతుంది? ఫ్లష్ ఉన్న లెట్రిన్ వాడినప్పుడల్లా బోలెడు నీళ్ళు లాగుతుంది. పైగా ఆ మురుగు పైపులో పేరుకుపోకుండా ముందుకు కదలాలంటే సరిపడా నీళ్ళు పారాలి.

ఇక్కడ మన గురించి ఒక మాట. ఊళ్ళో జనం లెక్క తగ్గిందంటారు, మనం బయటికొచ్చేశాం కాబట్టి. కానీ మనం పంపిన డబ్బుతో కట్టిన ఇంట్లో రెండు బాత్రూములు, పైన ట్యాంకు, వాషింగ్ మెషిన్ ఉంటాయి. పాత ఇంట్లో అయిదుగురు బిందెలతో తెచ్చుకుని వాడిన దానికంటే, కొత్త ఇంట్లో ఉన్న అమ్మానాన్నలిద్దరే ఎక్కువ వాడొచ్చు. తలలు తగ్గినా నీళ్ళ అవసరం తగ్గదు. పాత అంకె పట్టుకుని "జనం తగ్గారు కదా, చిన్న ట్యాంకు చాలు" అంటే ఊరు ఇబ్బంది పడుతుంది.

రెండోది: ఏళ్ళ లెక్క

ఇవాళ్టి జనానికి కడితే అయిదేళ్ళలో చాలదు. వందేళ్ళ జనానికి కడదామంటే డబ్బు చాలదు. అందుకే స్కీమ్‌లో ఒక్కో భాగానికి ఒక్కో వయసు పెట్టుకుంటారు. అదే మాన్యువల్ ప్రకారం, ఆనకట్టలాంటి నిల్వకి 50 ఏళ్ళు. మెయిన్ పైపులకీ, వీధి పైపులకీ 30. పంపులకీ మోటార్లకీ 15. ఫిల్టర్లకీ, శుద్ధి చేసిన నీళ్ళు నిల్వ చేసే ట్యాంకులకీ 15.

అన్నిటికీ ఒకటే వయసు ఎందుకు పెట్టరంటే, తర్వాత పెంచుకోవడం ఎంత కష్టం అన్నది చూస్తారు. మోటారు పదిహేనేళ్ళకి ఎలాగూ అరిగిపోతుంది, మారుస్తాం. అప్పుడు పెద్దది పెట్టుకోవచ్చు. రెండో ట్యాంకు పక్కన కట్టుకోవచ్చు. కానీ వీధి పైపు పెద్దది చేయాలంటే రోడ్డంతా తవ్వాలి, ప్రతి ఇంటి కనెక్షనూ మళ్ళీ ఇవ్వాలి. అందుకే పైపు ఒక్కసారే పెద్దది వేస్తారు. ఆనకట్టనైతే మళ్ళీ ఎత్తడం ఇంకా కష్టం.

మరి 30 ఏళ్ళ తర్వాత జనం ఎంతమందో ఎలా తెలుస్తుంది? గత జనాభా లెక్కలు తీసుకుని ముందుకి పొడిగిస్తారు. అది ఎంత జారుడు వ్యవహారమో పార్సిప్పనీయే చెబుతుంది. పార్సిప్పనీ ట్రాయ్ హిల్స్ టౌన్‌షిప్ జనం 1950లో సుమారు 15,300. 1960లో 25,600. 1970లో 55,100. ఇరవై ఏళ్ళలో మూడున్నర రెట్లు దాటింది.

మీరు 1970లో ఇక్కడ నీళ్ళ స్కీమ్ వేస్తున్నారనుకోండి. 30 ఏళ్ళ పైపుకి 2000వ సంవత్సరం జనం కావాలి. ఒక పద్ధతి, పదేళ్ళకి సగటున ఎంతమంది పెరిగారో అంతే కలుపుకుంటూ పోవడం. సగటు పెరుగుదల దాదాపు 20 వేలు, కాబట్టి 2000కి లక్షా 15 వేలు. ఇంకో పద్ధతి, అదే రెట్టింపు వేగంతో పెంచుకుంటూ పోవడం. పదేళ్ళకి దాదాపు 1.9 రెట్లు, మూడు సార్లు వేస్తే 3 లక్షల 77 వేలు. ఒకే ఊరు, అవే మూడు అంకెలు, పద్ధతి మారితే జవాబు మూడు రెట్లు తేడా.

నిజంగా 2000లో పార్సిప్పనీ జనం ఎంతో తెలుసా? 50,600 చిల్లర. 1970 కంటే తగ్గింది. 2020లో కూడా 56 వేలే. ఇళ్ళకి స్థలం అయిపోయింది, ఒక్కో ఇంట్లో ఉండేవాళ్ళు తగ్గారు, హైవేల పక్కన ఆఫీసులు లేచాయి. ఆ ఆఫీసుల్లో పగలు నీళ్ళు వాడేవాళ్ళు రాత్రికి వేరే ఊళ్ళకి వెళ్ళిపోతారు, వాళ్ళు ఈ జనాభాలో లేరు. జెర్సీ సిటీ కూడా అంతే. 1930లో 3 లక్షల 16 వేలు దాటిన ఊరు 1980కి 2 లక్షల 23 వేలకి పడిపోయి, 2020కి మళ్ళీ 2 లక్షల 92 వేలకి లేచింది. ఒక్కసారి కట్టిన ఆనకట్ట కింద ఊరు పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది.

అందుకని లెక్కే వద్దని కాదు. గతం అంకెలతో పాటు ఊళ్ళో ఖాళీ స్థలం ఎంతుంది, కొత్త లేఅవుట్లు ఎటు వస్తున్నాయి, పని కోసం జనం వస్తున్నారా పోతున్నారా అన్నది కూడా చూడాలి. ఎక్కువ వేసినా నష్టమే. ఊరికి మించిన ట్యాంకు కడితే నీళ్ళు రోజుల తరబడి అందులోనే నిలుస్తాయి, క్లోరిన్ బలం పోతుంది, నిల్వ వాసన వస్తుంది. కరెంటు బిల్లు, నిర్వహణ ఖర్చు మాత్రం కట్టాల్సిందే.

మూడోది: రద్దీ లెక్క

గల్ఫ్ క్యాంపులో ఉన్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి అందరూ ఒకేసారి లేస్తారు. అయిదున్నరకి బస్సు. ఆ గంటలో స్నానాలు, ముఖాలు, లెట్రిన్లు అన్నీ. రోజంతా వాడే నీళ్ళలో సగం ఆ ఒక్క గంటలో అయిపోయాయనుకుందాం. రోజు నీళ్ళని 24తో భాగిస్తే గంటకి సగటు వస్తుంది. సగం నీళ్ళంటే పన్నెండు గంటల సగటు ఒక్క గంటలో పోయినట్టు. అంటే ఆ క్యాంపుకి పీక్ ఫ్యాక్టర్ 12. సగటు చూసి పైపు వేసినవాడు లెక్కలో తప్పు చేయలేదు, కానీ చివరి గదివాడికి షవర్‌లో చుక్క రాదు.

ఊళ్ళో అంత ఉండదు. ఒకరు అయిదింటికి, ఒకరు ఏడింటికి లేస్తారు. ఊరు పెద్దదయ్యేకొద్దీ వాడకం సర్దుకుంటుంది, సగటుకీ రద్దీకీ తేడా తగ్గుతుంది. అందుకే మాన్యువల్‌లో 50 వేల లోపు ఊరికి పీక్ ఫ్యాక్టర్ 3, రెండు లక్షల లోపుకి 2.5, ఆపైన 2 పెట్టారు. చిన్న ఊరికే పెద్ద అంకె. ఇది చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది గానీ, క్యాంపు గుర్తుచేసుకుంటే అర్థమవుతుంది.

ఇప్పుడు ఒక ఊరు తీసుకుని లెక్క చేద్దాం. ఇది మన వివరణ కోసం అనుకున్న ఊరు. ఇవాళ 20 వేల జనం, 15 ఏళ్ళకి 25 వేలు, 30 ఏళ్ళకి 32 వేలు అని తేల్చారు. డ్రైనేజీ వస్తుంది కాబట్టి మనిషికి 135 లీటర్లు. పంపిన నీళ్ళలో 15 శాతం లీకేజీల్లో పోతుందని అనుకుందాం. మాన్యువల్ ఒప్పుకునేది గరిష్ఠంగా అంతే.

ముందు పైపు. దాని వయసు 30 ఏళ్ళు, కాబట్టి 32 వేల జనం. 32 వేలని 135తో గుణిస్తే 43 లక్షల 20 వేల లీటర్లు. ఇది కుళాయి దగ్గర చేరాల్సింది. దారిలో 15 శాతం పోతుంది కాబట్టి 0.85తో భాగిస్తే, రోజుకి సుమారు 51 లక్షల లీటర్లు పంపాలి. రోజుకి 86,400 సెకన్లు. సగటున సెకనుకి 59 లీటర్లు. రద్దీలో మూడు రెట్లు, దాదాపు 176 లీటర్లు.

ట్యాంకు నుంచి ఊళ్ళోకి వచ్చే మెయిన్ పైపు ఒక కిలోమీటరు అనుకుందాం. ట్యాంకులో నీటి మట్టం నేల నుంచి 18 మీటర్ల ఎత్తు. సగటు చూసి 300 మిల్లీమీటర్ల పైపు వేశారు. సెకనుకి 59 లీటర్లు పోతున్నప్పుడు, కొత్త పైపు రాపిడిలో పోయే ఎత్తు కిలోమీటరుకి సుమారు రెండున్నర మీటర్లు. ఇంకా 15 మీటర్లు మిగిలింది. రెండంతస్తుల ఇంటికి కూడా ఎక్కుతుంది. ప్రారంభోత్సవం రోజు మధ్యాహ్నం కుళాయి తిప్పి చూస్తే నీళ్ళు జోరుగా వస్తాయి. అందరూ చప్పట్లు కొడతారు.

జనం 32 వేలకి పెరిగాక, పొద్దున ఆరింటికి అదే పైపులో 176 లీటర్లు పోవాలి. నీళ్ళు మూడు రెట్లయితే రాపిడి మూడు రెట్లు కాదు, ఏడున్నర రెట్లు పెరుగుతుంది. అంటే పద్దెనిమిదిన్నర మీటర్లు పోవాలి. ట్యాంకు ఎత్తే 18. కిలోమీటరు అవతల ఏమీ మిగల్లేదు. ముందు వీధిలో వస్తాయి, చివరి వీధిలో గాలి వస్తుంది. అదే 500 మిల్లీమీటర్ల పైపైతే, అదే రద్దీలో పోయేది మీటరున్నర మాత్రమే. ట్యాంకు ఇంకా ఎత్తు కట్టాలా, పైపు లావు చేయాలా అన్న ప్రశ్నకి జవాబు ఈ లెక్కలోనే దొరుకుతుంది. ఎత్తు పెంచితే నాలుగైదు మీటర్లు కలిసొస్తాయి. పైపు లావు చేస్తే పదిహేడు మీటర్లు మిగిలాయి. నేను ఇక్కడ ఒక మెయిన్ పైపు లెక్కే చెప్పాను. వీధి వీధికీ విడిగా వేయాలి, కానీ సూత్రం ఇదే.

ఇక ట్యాంకు. మోటారు రోజంతా ఒకే వేగంతో తోడుతుంది. ఊరు మాత్రం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వాడుతుంది. ఈ రెండింటికీ మధ్య సర్దుబాటు చేసేదే ట్యాంకు. దాని వయసు 15 ఏళ్ళు, కాబట్టి 25 వేల జనం, రోజుకి సుమారు 40 లక్షల లీటర్లు.

ఊరి వాడకం ఇలా ఉందనుకుందాం. పొద్దున 5 నుంచి 9 దాకా 40 శాతం. 9 నుంచి సాయంత్రం 4 దాకా 20 శాతం. 4 నుంచి 8 దాకా 30 శాతం. రాత్రంతా 10 శాతం. మోటారు 24 గంటలూ నడిస్తే గంటకి 4 శాతం పైచిలుకు వస్తుంది. పొద్దున నాలుగు గంటల్లో మోటారు తెచ్చింది దాదాపు 17, ఊరు వాడింది 40. ట్యాంకులోంచి 23 శాతం దిగింది. పగలు మోటారు 29 తెచ్చింది, ఊరు 20 వాడింది, 9 శాతం మళ్ళీ నిండింది. సాయంత్రం 17 వచ్చింది, 30 పోయింది, ఇంకో 13 దిగింది. ఈ లెక్కన రాత్రి 8 గంటలకి ట్యాంకు బాగా అడుగంటుతుంది. పొద్దున్నుంచి మొత్తం మీద 27 శాతం పైగా దిగింది. తెల్లారేలోపు మళ్ళీ నిండుతుంది. కాబట్టి ట్యాంకు కనీసం 40 లక్షల్లో 27.5 శాతం, అంటే 11 లక్షల లీటర్లు పట్టాలి. కరెంటు పోవడానికీ, అగ్నిప్రమాదానికీ దీని మీద కొంత కలుపుతారు. మోటారు రోజుకి వరసగా 8 గంటలే నడిచే ఊరైతే ట్యాంకు ఇంకా పెద్దది కావాలి. "ఇంత జనానికి ఇంత ట్యాంకు" అని ఊరికే చెప్పేవాళ్ళని, మోటారు ఎన్ని గంటలు నడుస్తుందని అడగండి. అది చెప్పకుండా ట్యాంకు సైజు చెప్పలేరు.

మిగిలింది ఊట. బోరైనా, నదైనా, చెరువైనా. గంటల రద్దీని ట్యాంకు చూసుకుంటుంది గానీ, రోజుల రద్దీని చూసుకోలేదు. పార్సిప్పనీలో ఆ రద్దీ వేసవిలో వస్తుంది, పచ్చిక తడపడానికి. న్యూజెర్సీ నిబంధనల్లో ఒక మంచి పద్ధతి ఉంది. అన్నిటికంటే పెద్ద పంపు ఆగిపోయినా సరే, మిగిలినవాటితో ఏడాదిలో ఎక్కువ వాడకం ఉండే రోజుకి సరిపోవాలి. పంపులన్నీ నడుస్తున్నప్పటి లెక్క చూపిస్తే ఒప్పుకోరు.

మన దగ్గర రెండు రద్దీ రోజులుంటాయి. ఒకటి ఏప్రిల్, మే. అప్పుడు వాడకం పెరుగుతుంది, సరిగ్గా అప్పుడే బోర్లలో నీళ్ళు దిగిపోతాయి. కాబట్టి బోరు ఎన్ని నీళ్ళు ఇస్తుందో వానాకాలం అయ్యాక కొలిచిన అంకె పనికిరాదు, మే నెలది కావాలి. రెండోది సంక్రాంతి, జాతర. మనమందరం ఊరు చేరే రోజులు. ఆ వారం ఇంటికి ఇద్దరు ఉన్న చోట ఎనిమిది మంది ఉంటారు. మన పేర్లు ఊరి జనాభాలో లేవు, కానీ ఆ వారం నీళ్ళు మనమూ వాడతాం.

రోజుకి రెండు గంటలే ఇస్తే

పైన చెప్పిన పీక్ ఫ్యాక్టర్ 3 ఎప్పుడు పనిచేస్తుందో గమనించండి. ఒక రోజు నీళ్ళు మొత్తం 8 గంటల్లో ఇస్తే, సగటుకి మూడు రెట్ల వేగం కావాలి. 4 గంటల్లో ఇస్తే ఆరు రెట్లు. 2 గంటల్లో ఇస్తే పన్నెండు రెట్లు. రోజు మార్చి రోజు ఒక గంట ఇచ్చే ఊళ్ళున్నాయి. అలాంటి చోట మూడు రెట్లకి వేసిన పైపు ఎంత కొత్తదైనా చాలదు.

అప్పుడు ఏం జరుగుతుందో మనకి తెలుసు. నీళ్ళు వదలగానే ఊరంతా ఒకేసారి కుళాయిలు తిప్పుతుంది. సంపు ఉన్నవాళ్ళు సంపు నింపుకుంటారు. ఉన్నవాళ్ళు పైపుకే మోటారు బిగిస్తారు. మోటారు లాగితే పైపులో ప్రెషర్ పడిపోయి, జాయింట్ల దగ్గర బయటి మురికి నీళ్ళు లోపలికి వస్తాయి. చివరి ఇంటివాళ్ళకి నీళ్ళు రావు, వచ్చినా రంగు మారి వస్తాయి. దీన్ని జనం "నీళ్ళు తక్కువ" అంటారు. చాలాసార్లు నీళ్ళు తక్కువ కాదు, గంటలు తక్కువ. అదే నీళ్ళని పొద్దున ఒక వైపు వీధులకి, సాయంత్రం ఇంకో వైపు వీధులకి విడదీసి, వాల్వులు తిప్పి, ఎక్కువ గంటలు ఇస్తే పైపు మీద భారం తగ్గుతుంది. గుర్తుపట్టడం తేలిక. చివరి వీధిలో అర్ధరాత్రి కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చి, పొద్దున రాకపోతే, ఊట సరిపోతోంది, పైపో గంటలో చాలట్లేదు. అర్ధరాత్రి కూడా రాకపోతే వాల్వు, లీకేజీ, ఊట, ఈ మూడింటిలో చూడాలి.

డబ్బు పంపే ముందు

ఊరి నుంచి ఫోన్ వచ్చినప్పుడు కాదనమని చెప్పట్లేదు. పెద్దమనుషుల్ని అనుమానించినట్టు కాకుండా, "అన్నా, ఎస్టిమేట్ కాపీ ఒకటి వాట్సాప్‌లో పెట్టవా" అని అడగండి. అందులో నాలుగు అంకెలు చూడండి. మనిషికి ఎన్ని లీటర్లు వేశారు, అందులో లీకేజీ ఉందా లేదా. ఏ సంవత్సరం జనానికి వేశారు, పైపుకీ మోటారుకీ ఒకటే సంవత్సరమా వేర్వేరా. మోటారు ఎన్ని గంటలు, కుళాయి ఎన్ని గంటలు. బోరు నీళ్ళు ఏ నెలలో కొలిచారు. ఈ నాలుగూ ఉంటే ఎవరో కూర్చుని లెక్క వేశారని అర్థం. లేకపోతే, వేయించడానికి మండలంలో గ్రామీణ నీటి సరఫరా ఏఈ గారు ఉంటారు, వాళ్ళని కలవమనండి.

ఇంకొకటి. దాతలందరూ ట్యాంకుకే ఇస్తామంటారు, ఎందుకంటే అది పైకి కనపడుతుంది, పేరు రాస్తారు. పైన లెక్క చూశారు కదా. 18 మీటర్ల ట్యాంకుని 300 పైపు మింగేసింది. మీ డబ్బు మట్టిలో పూడ్చే పైపుకి పెట్టమని చెప్పండి. దాని మీద పేరు రాయరు గానీ, చివరి వీధిలో ఉన్న మీ పిన్ని ఇంట్లో పొద్దున ఆరింటికి నీళ్ళు వస్తాయి.

మీ ఊరి స్కీమ్ అంకెలు మీ దగ్గరుంటే కింద కామెంట్లలో పెట్టండి, కలిసి లెక్క వేద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో ఇంటి సంపు, పైన ట్యాంకు ఏ సైజు ఉండాలో మాట్లాడుకుందాం. ఉంటానండి.